మీటింగ్ నోట్సులోని ప్రతి పనికి ఒక్కరి పేరు, ఒక్క తేదీ

ప్రశ్న: మేడమ్, నేను హన్మకొండలో బీబీఏ పూర్తిచేసి నర్సంపేట వైపు ఒక రైతు ఉత్పత్తిదారుల కంపెనీలో ఆఫీసు అసిస్టెంట్‌గా చేరాను. మీటింగుల్లో నోట్సు రాసే పని నాదే. అన్నీ రాసి గ్రూపులో పెడతాను, అయినా తర్వాతి మీటింగ్ నాటికి సగం పనులు కావు, ‘నీవు గుర్తు చేయలేదు’ అని నన్నే అంటారు. జనవరి 20న మిర్చి సీజను మీద జరిగిన మీటింగ్ నోట్సు ఇది: ‘కోల్డ్ స్టోరేజీ వాళ్లతో మాట్లాడాలి. బస్తాలు సరిపోవు, స్టోర్స్, అకౌంట్స్ చూస్తారు. కాంటా ముద్ర గడువు ఎప్పుడు? తేమ ఎక్కువున్న కాయ తీసుకోవద్దు. రైతులకు అందరూ చెప్పాలి.’ ఇందులో నేను ఎక్కడ తప్పుతున్నాను? ముందుముందు ప్రాజెక్టు కోఆర్డినేటర్ ఉద్యోగాలకు వెళ్లాలని ఉంది.

జవాబు: మీరు విన్నది విన్నట్టు రాశారు, అందులో లోపమేమీ లేదు. అయితే ఈ ఐదు వాక్యాలు ఒకే రకానివి కావు. వాటిని విడదీయకుండా గ్రూపులో పెట్టినందువల్ల చదివినవారిలో ఎవరికీ ‘ఇది నా పని’ అనిపించలేదు. నోట్సు తీసుకోవడం ఒక పని, దాని నుంచి పనుల రిజిస్టర్ తయారుచేయడం మరొక పని. రెండోదాన్ని మీటింగ్ జరిగిన రోజే, అందరికీ మాటలు గుర్తున్నప్పుడే ముగించాలి.

ముందుగా ప్రతి వాక్యం పక్కన అది నిర్ణయమా, పనా, తేలని ప్రశ్నా, కేవలం సమాచారమా అని గుర్తు పెట్టండి. ‘తేమ ఎక్కువున్న కాయ తీసుకోవద్దు’ అనేది నిర్ణయం. దాన్ని పనుల జాబితాలో వేస్తే ఏనాటికీ ‘పూర్తి’ కాదు కాబట్టి నిర్ణయాలకు వేరే పేజీ ఉండాలి. పైగా అది సగం నిర్ణయమే. ఎక్కువ అంటే 10 శాతం దాటితేనా, 12 శాతం దాటితేనా అన్నది తేలనంతవరకు కొనుగోలు కేంద్రంలో కూర్చున్నవారు ఒక్కో రైతుకు ఒక్కో తీరుగా చెబుతారు, గొడవ అక్కడే మొదలవుతుంది. కనుక దీని నుంచి ఒక పని పుడుతుంది: కొనుగోలుకు తేమ పరిమితి ఎంత శాతమో నిర్ణయించి రాతపూర్వకంగా ఇవ్వడం. ఆ అధికారం సీఈవోది, అందువల్ల అది ఆయన పేరు మీదే ఉండాలి. పైవారి పేరు మీద పని రాయడానికి కొత్తవారు జంకుతారు. మీరు జంకవద్దు, ఎందుకంటే కింది పనులు చాలావరకు అటువంటి నిర్ణయం కోసమే ఆగిపోతాయి.

‘కాంటా ముద్ర గడువు ఎప్పుడు?’ అనేది ప్రశ్న. ఎలక్ట్రానిక్ కాంటాలకు తూనికలు కొలతల శాఖ ఏటా పరీక్షించి ముద్ర వేస్తుంది, గడువు తేదీ ధ్రువపత్రం మీదే ఉంటుంది. ఫైలు తీసి చూస్తే తేలే విషయం ఇది, అయినా ఎవరు చూడాలో రాయకపోతే ప్రశ్న మరో మీటింగ్‌కు వాయిదా పడుతుంది. ‘కాంటా ధ్రువపత్రంలోని గడువు తేదీ చూసి, సీజనులోపు ముగిసేట్టయితే పునఃపరీక్షకు దరఖాస్తు పెట్టాలి’ అని రాసి, స్టోర్స్ ఇన్‌చార్జి పేరు వేయండి.

ఇప్పుడు అసలు చిక్కున్న వాక్యానికి వద్దాం: ‘బస్తాలు సరిపోవు, స్టోర్స్, అకౌంట్స్ చూస్తారు.’ ఇద్దరి పేర్లు ఉన్నాయి కదా, ఇంకేమి కావాలి అనిపిస్తుంది. ఇద్దరి పేర్లుంటే స్టోర్స్ వారు డబ్బు విడుదల కోసం, అకౌంట్స్ వారు లెక్క కోసం ఎదురుచూస్తారు, ఇద్దరూ తమ వైపు తప్పు లేదనే నిజంగా నమ్ముతారు. ఇక్కడ ఒక పేరు కొట్టివేయడం పరిష్కారం కాదు. ఇద్దరూ కావాలంటే అందులో రెండు పనులు ఉన్నాయని అర్థం, వాటిని చేతికి వచ్చే ఫలితాన్ని బట్టి విడదీయాలి. మొదటి పని, ఉన్న సంచులలో చిరిగినవి తీసివేసి పనికివచ్చేవి లెక్కించి, ఎన్ని తక్కువ పడతాయో అకౌంటెంట్‌కు రాసి ఇవ్వడం. దీనికి బాధ్యుడు స్టోర్స్ ఇన్‌చార్జి, గడువు జనవరి 22, గురువారం. రెండవది, ఆ లెక్క ప్రకారం కొటేషన్ తీసుకుని ఆర్డరు ఇచ్చి అడ్వాన్సు చెల్లించడం. దీనికి బాధ్యుడు అకౌంటెంట్, గడువు జనవరి 24, శనివారం, మొదటి పని ముగిసిన తర్వాతే ఇది మొదలవుతుందని పక్కన రాయాలి. 24 దాటినా ఆర్డరు పోకపోతే ఆగింది ఎక్కడో చిట్టా చూడగానే తెలుస్తుంది, ఎవరూ ఎవరినీ నిందించనక్కరలేదు. నేను ఇక్కడ హోదాలు రాస్తున్నాను గాని మీ రిజిస్టర్‌లో మాత్రం వ్యక్తుల పేర్లే ఉండాలి. ‘అకౌంట్స్’ అనేది విభాగం, దానికి ఫోను చేసి అడగలేము.

తేదీ విషయంలో ఇంకొక జాగ్రత్త ఉంది. మన వైపు ‘వారం రోజులల్ల’ అనడం అలవాటు. మీటింగ్ నుంచి వారం లెక్కిస్తే జనవరి 27 అవుతుంది, 2026లో మేడారం జాతర 28 నుంచి 31 వరకు. ములుగు, నర్సంపేట దారుల్లో లారీలు కదలవు, సిబ్బందిలో సగంమంది సెలవులో ఉంటారు. ఆ వారంలో పడే గడువు కాగితం మీదే మిగులుతుంది. కనుక పనిని 24లోపు ముగిసేట్టు ముందుకు జరపాలి, లేదా నిజాయతీగా ఫిబ్రవరి 3 అని రాయాలి. తేదీని మీరు నిర్ణయించి వేయకండి. ‘అన్నా, ఇది ఎప్పటిలోగా ఇస్తరు?’ అని చేసేవారినే అడిగి, వారు చెప్పిన రోజునే రాయండి. సీజనుకు అది ఆలస్యమనిపిస్తే మీటింగ్‌లోనే పెద్దవారి ముందు ఆ మాట చెప్పండి.

‘కోల్డ్ స్టోరేజీ వాళ్లతో మాట్లాడాలి’ అన్నదానిలో క్రియ సరిగా లేదు. ఒకసారి ఫోను చేసినా మాట్లాడినట్టే, పదిసార్లు చేసినా ముగియనట్టే. పని పూర్తయిందని మూడో మనిషి చూసి చెప్పగలిగేట్టు వాక్యం ఉండాలి: ‘ఎనుమాముల మార్కెట్ పరిసరాల్లోని రెండు కోల్డ్ స్టోరేజీల నుంచి బస్తాకు అద్దె, ఫిబ్రవరి నుంచి దొరికే ఖాళీ వివరాలు రాతపూర్వకంగా తీసుకుని సీఈవోకు అందజేయాలి.’ ఇది మార్కెటింగ్ ఆఫీసర్ పని. ఏ స్టోరేజీ తీసుకోవాలో తేల్చడం సీఈవో పని, దానికి వేరే వరుస, వేరే తేదీ ఉండాలి. అలాగే ‘అందరూ చెప్పాలి’ అన్నచోట ఫీల్డ్ కోఆర్డినేటర్ ఒక్కరి పేరే బాధ్యుడిగా వేసి, ఊరూరా తిరిగే మిగతావారిని ‘సహాయం’ అనే గడిలో రాయండి. తేమ పరిమితి తేలకముందు రైతులకు చెప్పడానికి ఏమీ ఉండదు కాబట్టి ఈ గడువు సీఈవో గడువు తర్వాతే రావాలి.

ఇవన్నీ ఇంటికి వెళ్లి మీరొక్కరే ఊహించి రాయకూడదు. మీటింగ్ చివరి ఐదు నిమిషాలు అడిగి తీసుకుని, పనులను పైకి చదవండి. పేరు లేని చోట ఆగి, ‘సార్, దీన్ని ఎవరి పేరు మీద రాయమంటారు?’ అని అడగండి. గదిలో మౌనం వస్తే రానివ్వండి, ఎవరో ఒకరు బాధ్యత తీసుకునే క్షణం అదే. మీటింగ్‌కు రానివారి మీద పని వేస్తే, వారు ఒప్పుకునేవరకు ఆ వరుసకు మీటింగ్ నడిపినవారినే బాధ్యులుగా ఉంచండి. తనకు తెలియకుండా తన పేరు పడిందని తర్వాత చూసుకున్న మనిషి ఆ పనిని మనసు పెట్టి చేయడు.

రిజిస్టర్‌కు గూగుల్ షీట్ చాలు. A గడిలో సంఖ్య, Bలో పని, Cలో బాధ్యుడు, Dలో సహాయం, Eలో మొదటి గడువు, Fలో ప్రస్తుత గడువు, Gలో స్థితి, Hలో గడువు దాటిన గుర్తు. E గడిని ఒకసారి రాశాక మార్చకండి, వాయిదా పడితే F మాత్రమే మారాలి. పాత తేదీ చెరిపివేస్తే పని మూడుసార్లు వాయిదా పడినా కొత్తగా పుట్టినట్టే కనిపిస్తుంది. H2 గడిలో ఈ సూత్రం వేసి, పనులు రాసినంతవరకు కిందికి లాగండి:

```
=IF(ISNUMBER(F2),IF(AND(F2<TODAY(),G2<>"పూర్తి"),"గడువు దాటింది",""),"తేదీ సరిచూడండి")
```

ISNUMBER ఎందుకంటే, ‘వచ్చే శుక్రవారం’ అని ఎవరైనా మాటల్లో రాస్తే షీట్ దాన్ని తేదీగా గుర్తించదు, ఆ పని ఎన్నటికీ గడువు దాటినట్టు చూపదు. మనకు మరింత తరచుగా ఎదురయ్యే చిక్కు ఇంకొకటి. షీట్ అమెరికా పద్ధతిలో ఉంటే 27/01/2026 అక్షరాలుగానే మిగిలిపోతుంది, అది సూత్రానికి దొరుకుతుంది. కాని 03/02/2026 నిశ్శబ్దంగా మార్చి 2 అయిపోతుంది, దాన్ని ఏ సూత్రమూ పట్టుకోలేదు. అందుకే మొదటిరోజే File > Settings లోకి వెళ్లి Locale దగ్గర India ఎంచుకోండి, తేదీ గడికి నెల పేరు అక్షరాల్లో కనిపించే రూపం పెట్టండి.

వారానికి ఒకసారి, మంగళవారం మీటింగైతే సోమవారం మధ్యాహ్నం, గడువు దాటిన వరుసలు, రాబోయే మూడు రోజుల్లో ముగిసే వరుసలు మాత్రమే తీసి, ఎవరిది వారికి విడిగా పంపండి. గ్రూపులో అందరి ముందు పేర్లు పెడితే మాట పడినట్టు భావించి జవాబివ్వరు. ‘అయిపోయింది’ అన్న మాటతో స్థితిని ‘పూర్తి’ చేయకండి. ఆర్డరు కాపీనో, స్టోరేజీ వారి రేటు కాగితమో చూశాకే మార్చండి. ఒకే పని రెండుసార్లు వాయిదా పడిందంటే మూడో తేదీ అడగడం వృథా. దాన్ని మీటింగ్ మొదట్లోనే పెట్టి, ఏమి అడ్డుపడుతోందో అడగండి. చాలాసార్లు పనే మరీ పెద్దదై ఉంటుంది, లేదా ఆ మనిషికి ఖర్చుపెట్టే అధికారం ఉండదు. మొదటిదానికి పనిని విడదీయాలి, రెండవదానికి బాధ్యుడిని మార్చాలి.

అయితే ప్రతి చిన్న మాటనూ ఇందులో ఎక్కించకండి. అదే పూట ముగిసే ఫోనుకాల్ వంటి పనులను వదిలేయండి. అరవై వరుసల చిట్టాను ఎవరూ తెరవరు, తెరవని చిట్టాకు సూత్రాలున్నా ప్రయోజనం లేదు.

ప్రాజెక్టు కోఆర్డినేటర్ ఇంటర్వ్యూలో ‘పనులు ఎలా ఫాలోఅప్ చేస్తారు?’ అన్న ప్రశ్న దాదాపు ఖాయం. ఈ సీజను ముగిసేసరికి మీ దగ్గర నిజమైన రిజిస్టర్ ఉంటుంది. సీఈవో గారి అనుమతి తీసుకుని, పేర్లు, రేట్లు, రైతుల వివరాలు తీసివేసి, ఒక పేజీ ప్రింటు వెంట తీసుకెళ్లండి. అందులో వాయిదా పడిన పని కనీసం ఒక్కటైనా ఉండనివ్వండి. అది ఎందుకు ఆగింది, మీరు దాన్ని ఎలా విడదీశారు, చివరికి ఏ తేదీన ముగిసింది అన్నది ఇంటర్వ్యూ చేసేవారికి E, F గడులు చూపిస్తూనే వివరించవచ్చు.