సైటు మార్చాక కూడా పాతదే ఎందుకు కనిపిస్తుంది?

ప్రశ్న: మా ఆఫీసు వెబ్‌సైటును కొత్త సర్వరుకు మార్చారు. ఫోనులో కొత్త సైటు వస్తోంది, నా కంప్యూటరులో పాతదే వస్తోంది. "డీఎన్‌ఎస్ ఇంకా అప్‌డేట్ కాలేదు, ఆగండి" అంటున్నారు. పేరు నంబరుగా ఎలా మారుతుంది? ఎంతసేపు ఆగాలి?

జవాబు: నేను అకౌంట్స్‌లో పనిచేస్తాను, కంప్యూటరు నా వృత్తి కాదు. మా ఆఫీసు సైటు మార్చినప్పుడు ఇదే చిక్కుతో ఒక శనివారమంతా గడిచింది కాబట్టి అప్పుడు తెలుసుకున్నది రాస్తున్నాను. మా సైటు పేరుకు బదులు www.example.com అని రాస్తాను. కింది సర్వరు నంబర్లు కూడా ఉదాహరణల కోసమే కేటాయించినవి.

సైటు పేరును బట్టి దాని సర్వరు నంబరును కనుక్కొనే ఏర్పాటే డీఎన్‌ఎస్. పేరు టైపు చేయగానే కంప్యూటరు ఆ పేరుకు సంబంధించిన నంబరు తన దగ్గర ఇప్పటికే ఉందేమో చూసుకుంటుంది. లేకపోతే రిజాల్వర్ అనే సర్వరును అడుగుతుంది. ఇది సాధారణంగా మీకు ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీదో, మీ ఆఫీసుదో అయి ఉంటుంది. దాని దగ్గరా లేకపోతే, అక్కడి నుంచి నలుగురినీ అడిగి కనుక్కొనే పని దానిదే. అది పేరును కుడి చివర నుంచి పట్టుకుని వస్తుంది. మొదట అడిగేది రూట్ సర్వరును. దానికి మన సైటు సంగతి తెలియదు, కానీ .com పేర్లను చూసే సర్వర్లు ఎక్కడున్నాయో చెబుతుంది. ఆ .com సర్వరుకూ మన నంబరు తెలియదు, example.com వివరాలు ఏ నేమ్ సర్వరులో ఉన్నాయో మాత్రం చెబుతుంది. చివరికి ఆ నేమ్ సర్వరులో మనవాళ్లు రాయించిన ఒక్క వరుస దొరుకుతుంది: www.example.com అంటే 192.0.2.10 అని. ఇదంతా మామూలుగా సెకనులోపే అయిపోతుంది.

ప్రతిసారీ ఇంత తిరగడం ఎందుకని, రిజాల్వర్ ఆ జవాబును కొంతకాలం దాచుకుంటుంది. ఎంతకాలమో నేమ్ సర్వరే జవాబుతో పాటు సెకన్లలో చెబుతుంది. దాన్ని టీటీఎల్ అంటారు. మా సైటుకు అది 86400, అంటే సరిగ్గా 24 గంటలు.

మాకు జరిగింది ఇదీ. శుక్రవారం సాయంత్రం 5 గంటలకు మా ఆఫీసు రిజాల్వర్ పాత నంబరును తెచ్చి దాచుకుంది. 6 గంటలకు మా సైటు చూసేవారు నేమ్ సర్వరులో 203.0.113.25 అని మార్చారు. ఆ మార్పు సంగతి రిజాల్వర్‌కు ఎవరూ కబురు పంపరు. గడువు తీరేదాకా అది మళ్లీ అడగదు కూడా. అందుకే శనివారం సాయంత్రం 5 దాకా మాకు పాత సైటే వచ్చింది. నా ఫోను మొబైల్ డేటా మీద ఉంది. ఆ కంపెనీ రిజాల్వర్ దగ్గర పాత జవాబు లేకపోవడంతో అది నేరుగా వెళ్లి కొత్తది తెచ్చుకుంది. "అప్‌డేట్ కాలేదు" అన్న మాట నాకు నచ్చదు, ఎందుకంటే మార్పు ఎప్పుడో అయిపోయింది. చెల్లవలసింది పాత నకళ్ల గడువు మాత్రమే.

మీ విషయంలోనూ ఇదేనా అన్నది కమాండ్ ప్రాంప్ట్‌లో ఇలా తెలుసుకోవచ్చు:

```
nslookup www.example.com
nslookup www.example.com 8.8.8.8
```

మొదటిది మీ రిజాల్వర్‌ను, రెండోది గూగుల్ వారి రిజాల్వర్‌ను అడుగుతుంది. జవాబు పైన Non-authoritative answer అని కనిపిస్తే కంగారుపడకండి; అది సైటు సొంత నేమ్ సర్వరు నుంచి కాక రిజాల్వర్ ద్వారా వచ్చిందని మాత్రమే దాని అర్థం. మొదటి దానిలో పాత నంబరు, రెండో దానిలో కొత్తది వస్తే గడువు కోసం ఆగవలసిందే. రెండింటిలోనూ కొత్తదే వచ్చి పేజీ మాత్రం పాతదైతే, నకలు మీ కంప్యూటరులోనో బ్రౌజరులోనో ఉంది. అప్పుడు `ipconfig /flushdns` ఇచ్చి, బ్రౌజరును మూసి తెరిచి, Ctrl+F5 నొక్కి చూడండి. నేను ఆ రోజు ఈ ఆదేశాన్ని మూడుసార్లు ఇచ్చినా ఫలితం లేకపోయింది, ఎందుకంటే అది తుడిచేది నా కంప్యూటరులోని నకలును మాత్రమే, ఆఫీసు రిజాల్వర్‌లోనిది కాదు.

కాబట్టి మీవాళ్లను రెండే అడగండి: మార్పు ఎన్ని గంటలకు చేశారు, అప్పుడు టీటీఎల్ ఎంత ఉంది. ఆ రెండూ కలిపితే వచ్చే సమయానికి ఏ రిజాల్వర్ దగ్గరా పాత నంబరు ఉండకూడదు, గడువును పట్టించుకోని ఒకటీ అరా తప్ప. మార్పుకు కనీసం ఒక రోజు ముందే టీటీఎల్‌ను 300కు తగ్గించి ఉంటే మా నిరీక్షణ 5 నిమిషాలతో పోయేది. అదే సాయంత్రం తగ్గిస్తే లాభం లేదు, అప్పటికే దాచుకున్నవి పాత లెక్కనే పాటిస్తాయి.

ఈలోగా పాత సర్వరును ఆపవద్దని కూడా చెప్పండి, కానీ అందులోని దరఖాస్తు ఫారాన్ని మూయించండి. మాకు ఆ ఆలోచన రాలేదు. శనివారం పాత సైటు చూసినవారు నింపిన దరఖాస్తులు పాత సర్వరులోనే పడ్డాయి, సోమవారం వాటిని ఒక్కొక్కటిగా చూసి కొత్తదానిలోకి టైపు చేసింది నేనే.