రేడియో చెడిపోలేదు, పైన పొర పలచబడింది

ప్రశ్న: మా ఇంట్లో పాత షార్ట్‌వేవ్ రేడియో ఉంది. పగలు బాగా వచ్చే స్టేషన్ రాత్రి అదే చోట రాదు. రేడియోలో లోపమా?

రిపేరుకు మాత్రం ఇవ్వకండి. 1986 చలికాలంలో మా నాయన ఆ పనే చేశాడు. దేవరకొండ దగ్గర మా ఊళ్లో రేడియో సిలోన్ హిందీ పాటలంటే ఆయనకు ప్రాణం. సాయంత్రం 25 మీటర్ల బ్యాండ్‌లో గలగలా వచ్చే పాట, రాత్రి ముదిరేకొద్దీ పొంగుతూ కుంగుతూ చివరికి ఉత్త హిస్ అయ్యేది. టౌన్‌లో మెకానిక్ కండెన్సర్ పోయిందని డబ్బులు తీసుకున్నాడు. మర్నాడు రాత్రి మళ్లీ అదే కథ. అప్పటి మెకానిక్‌లకు ప్రతి రోగానికీ కండెన్సరే మందు!

అసలు సంగతి పైన ఉంది. రేడియో సిలోన్ ఉన్న కొలంబో మాకు దాదాపు 1100 కిలోమీటర్లు. ఆ తరంగం నేల మీదుగా రాదు. సగం దారిలో, అంటే ఇంచుమించు పుదుచ్చేరి మీద, 300 కిలోమీటర్ల ఎత్తున ఎలక్ట్రాన్లతో నిండి ఉండే ఎఫ్ పొరలో వంగి కిందికి దిగుతుంది. ఆ పొరలోని ఎలక్ట్రాన్లు సూర్యరశ్మి వల్ల పుట్టేవే. నిట్టనిలువుగా పంపిన తరంగాన్ని అది ఎంత ఫ్రీక్వెన్సీ దాకా వెనక్కి తిప్పగలదో, ఇంత దూరానికి ఏటవాలుగా వెళ్లే తరంగానికి ఆ హద్దు సుమారు రెండింతలు. నిలువు హద్దు 10 మెగాహెర్ట్జ్ ఉంటే 20 దాకా నడుస్తుంది. పొద్దుగూకాక ఎలక్ట్రాన్లు తగ్గి అది 5కి పడితే పైహద్దు 10. 25 మీటర్లంటే దాదాపు 12 మెగాహెర్ట్జ్ కాబట్టి పొరను చీల్చుకుని పైకి పోతుంది. 41 మీటర్లంటే 7 చిల్లర, అది మాత్రం తిరిగొస్తుంది. నాయన ముల్లును 41కి తిప్పగానే అదే స్టేషన్ దొరికింది! 1986లో సూర్యుడి మచ్చలు కనిష్ఠానికి దిగి ఉన్నాయి, మచ్చలు తగ్గితే పొరలో ఎలక్ట్రాన్లూ తగ్గుతాయి, అందుకే హద్దు అంత తొందరగా పడేది. మచ్చలు ఎక్కువగా ఉండే ఏళ్లలో 25 మీటర్లు రాత్రి చాలాసేపు నిలిచేది.

మరి పగలు కూడా 41 పెట్టుకోవచ్చుగా అంటారేమో. పగటిపూట 60 నుంచి 90 కిలోమీటర్ల మధ్య డి పొర ఉంటుంది. అది తరంగాన్ని వంచదు, మింగేస్తుంది. ఫ్రీక్వెన్సీ తగ్గేకొద్దీ ఎక్కువ మింగుతుంది. పొద్దు మునిగిన కాసేపటికే అది మాయమవుతుంది. రాత్రి చల్లగా ఉంటుంది కాబట్టి రేడియో బాగా పలుకుతుందని మా ఊళ్లో అనేవాళ్లు, అదంతా వట్టిదే.

తేడా పట్టే గుర్తు ఒకటుంది. అదే బ్యాండ్‌లో దగ్గరి స్టేషన్ పోయి, దూరదేశాలవి ఒకటి రెండు ఇంకా వస్తుంటే సెట్ బాగున్నట్టే. ఆ దూరపు తరంగాలు పొరను ఇంకా ఏటవాలుగా తాకుతాయి, వాటి హద్దు ఎక్కువ. ఏ బ్యాండ్ తిప్పినా బుర్రుమంటుంటే ముందు ఇంట్లో ఎల్‌ఈడీ బల్బులు, ఫోన్ చార్జర్లు ఆపి చూడండి. ఈ రోజుల్లో ఆకాశం కన్నా అవే పెద్ద శత్రువులు.