పీఎఫ్‌ని లెక్కలో వేసుకున్నాకే ఎంత ఈక్విటీలో పెట్టాలో తేలుతుంది

"వయసు 26, చేతికి 60 వేల దాకా వస్తాయి. నెలకి 15 వేలు పక్కన పెట్టగలను, ఇరవై ఏళ్లు ముట్టుకోను. మొత్తం ఈక్విటీలోనే పెట్టేయొచ్చా? రీబ్యాలెన్సింగ్ అంటున్నారు, అది ఎలా చేయాలి?"

ముందు మీ పీఎఫ్ పాస్‌బుక్ తెరిచి చూడండి. బేసిక్ 30 వేలు అనుకుంటే మీ వాటా 12 శాతం 3,600, కంపెనీది ఇంకో 3,600. కొన్ని కంపెనీలు 1,800 దగ్గరే ఆపేస్తాయి, కొందరికి కంపెనీ వాటాలో కొంత పెన్షన్ కాలమ్‌లోకి పోతుంది, ఆ కాలమ్‌ని కలపకండి. మొత్తం 7,200 పీఎఫ్‌లోకే వెళ్తుంటే మీరు నెలకి పొదుపు చేస్తున్నది 15 వేలు కాదు, 22,200. అందులో దాదాపు మూడో వంతు ఇప్పటికే డెట్‌లో, అంటే వడ్డీ వచ్చే చోట ఉంది, అదీ 2024-25కి 8.25 శాతం వడ్డీ ఇచ్చిన డెట్. కాబట్టి 15 వేలూ ఈక్విటీలో పెట్టినా మీది వంద శాతం ఈక్విటీ కాదు, దాదాపు 68 శాతమే. మీ వయసుకి అది సరిపోతుంది.

అయినా నేనైతే 14 వేలు నిఫ్టీ ఇండెక్స్ ఫండ్‌లో సిప్ పెట్టి, వెయ్యి లిక్విడ్ ఫండ్‌లో వేయమంటాను. ఎందుకంటే పీఎఫ్ డబ్బు మనకి కావాల్సినప్పుడు తీసి ఈక్విటీలోకి మార్చుకునేది కాదు, మార్కెట్ పడిన రోజు చేతిలో కదిలించగలిగే డెట్ కొంచెమైనా ఉండాలి. టార్గెట్ ఈక్విటీ 65, డెట్ 35 అని రాసి పెట్టుకోండి, వాటాలు మారినప్పుడు మళ్లీ దీని దగ్గరికి తేవడమే రీబ్యాలెన్సింగ్. ఆరు నెలల ఖర్చుకి దాచిన డబ్బు, ఇంట్లో బంగారం ఈ లెక్కలోకి రావు (అమ్మ మెడలో గొలుసు అమ్మి ఎవరూ రీబ్యాలెన్స్ చేయరు కదా).

కొన్నేళ్లకి మీ దగ్గర 10 లక్షలయ్యాయి అనుకుందాం. ఈక్విటీ 6.5 లక్షలు, పీఎఫ్ 3 లక్షలు, లిక్విడ్ ఫండ్ 50 వేలు. మార్కెట్ 35 శాతం పడింది. ఈక్విటీ 4,22,500కి దిగింది, పీఎఫ్ అలాగే ఉంది, మొత్తం 7,72,500లో ఈక్విటీ వాటా 55 శాతం దగ్గరికి వచ్చేసింది. అప్పుడు లిక్విడ్‌లో ఉన్న 50 వేలూ ఇండెక్స్ ఫండ్‌లోకి మారిస్తే 61కి వస్తుంది. టార్గెట్‌కి అటూ ఇటూ 5 శాతం లోపల ఉంటే చాలు, సరిగ్గా 65 అవ్వాలని పట్టుబట్టక్కర్లేదు.

ఇది కాగితం మీద చాలా తేలిక. 2020 జనవరిలో 12 వేలు దాటి ఉన్న నిఫ్టీ మార్చి 23న 7,610 దగ్గర ముగిసింది. ఆఫీసులో నా చుట్టూ చాలామంది సిప్‌లు ఆపేశారు, జీతాలు కోస్తారేమోనని అందరికీ టెన్షన్. నేను ఆ నెలలో లిక్విడ్ ఫండ్ నుంచి ఇండెక్స్ ఫండ్‌లోకి డబ్బు మార్చగలిగానంటే అది ధైర్యం వల్ల కాదు, వాటా 60 కిందకి పోతే ఏం చేయాలో షీట్‌లో ముందే రాసి ఉండటం వల్ల. ఇంటి ఖర్చుకి వేరే డబ్బు ఉండటం వల్ల కూడా.

పెరిగినప్పుడు చేయాల్సింది వేరు. అదే 6.5 లక్షల ఈక్విటీ 60 శాతం పెరిగి 10.4 లక్షలైతే వాటా 75కి చేరుతుంది. ఇక్కడ అమ్మక్కర్లేదు. సిప్ డబ్బు మొత్తాన్ని కొన్నాళ్లు లిక్విడ్ ఫండ్‌కి మళ్లించండి, పీఎఫ్ 7,200తో కలిపి నెలకి 22,200 డెట్‌లోకే వెళ్తుంది, మార్కెట్ అక్కడే ఉంటే నాలుగైదు నెలల్లో 70కి దిగుతుంది. 2021 అక్టోబర్‌లో నిఫ్టీ 18 వేలు దాటినప్పుడు నేను చేసింది ఇదే, పన్ను ఒక్క రూపాయి కట్టలేదు. ఒకటి మాత్రం తెలిసి చేయండి: మార్కెట్ ఏళ్ల తరబడి పెరుగుతూనే ఉంటే రీబ్యాలెన్స్ చేసినవాళ్లకి చేయనివాళ్ల కంటే తక్కువే మిగలొచ్చు. ఇది రాబడి పెంచుకోవడానికి కాదు, ఒక్కసారిగా పడినప్పుడు తట్టుకోగలిగినంత రిస్కే ఉంచుకోవడానికి.

ఏడాదికి ఒకసారి చూస్తే చాలు, ఇంక్రిమెంట్ వచ్చిన నెలలో పెట్టుకోండి. ఉద్యోగం మారినప్పుడు పీఎఫ్ తీసేయకుండా ట్రాన్స్‌ఫర్ చేసుకోండి, తీస్తే మీ డెట్ భాగం మొత్తం ఒక్కసారే ఖాళీ అవుతుంది.

సిప్ మళ్లించడం ఒక్కటే ఎల్లకాలం సరిపోదు. మొత్తం కోటికి చేరాక 5 శాతం తేడా అంటే 5 లక్షలు, అప్పుడు కొంత అమ్మక తప్పదు. ఏడాది దాటిన యూనిట్లే అమ్మండి. ఇప్పుడున్న నిబంధనల ప్రకారం ఈక్విటీ ఫండ్లలో ఏడాది లోపు లాభం మీద 20 శాతం పన్ను, ఏడాది దాటితే 1.25 లక్షల పైన లాభానికే 12.5 శాతం. అమ్మాల్సింది ఎక్కువగా ఉంటే కొంత మార్చిలో, మిగతాది ఏప్రిల్‌లో అమ్మితే రెండు ఆర్థిక సంవత్సరాల మినహాయింపూ వాడుకోవచ్చు.