ఉప్పునీళ్ల మీద తెల్లటి పొర

ప్రశ్న: క్యారెట్ ముక్కలు ఉప్పునీళ్లలో వేసి ఆరు రోజులైంది. పైన తెల్లగా పొర కట్టింది. తీసేసి తినొచ్చా, మొత్తం పారబోయాలా?

జవాబు: సీసాను వెలుతురులో పెట్టి ఆ పొరను పక్కనుంచి చూడండి. పలచగా, నీళ్లకు అంటుకుని, ముడతలు పడ్డట్టు ఉంటే అది చాలావరకు ఈస్ట్. దూదిలా నూగు లేచినా, ఆకుపచ్చ, నలుపు, గులాబీ చుక్క ఒక్కటి కనిపించినా బూజు కిందే లెక్క. బూజు పోగులు కంటికి కనపడకుండా లోపలికి దిగుతాయి కాబట్టి పైపైన తీస్తే పోదు. అప్పుడు సీసా మొత్తం పారబోయాల్సిందే.

ఈస్ట్ అయితే తీసేసి తినొచ్చని నాకూ చెప్పారు. అది సగం నిజమే. ముక్కల మీద సహజంగా ఉండే లాక్టిక్ బ్యాక్టీరియా వాటిలోని చక్కెరను తిని ఆమ్లం తయారుచేస్తుంది. ఆ పులుపే ముక్కల్ని కాపాడుతుంది. పులుపును కొలిచే అంకె పీహెచ్, పులుపు పెరిగేకొద్దీ అది తగ్గుతుంది. పీహెచ్ 4.6 కంటే తగ్గితే బొటులిజం అనే ప్రాణాంతక జబ్బు కలిగించే బ్యాక్టీరియా పెరగలేదు, విషం తయారుచేయలేదు. కానీ పైన పేరుకునే ఈస్ట్‌కు ఆ ఆమ్లమే తిండి. దాన్ని అలాగే వదిలేస్తే వచ్చిన పులుపు మెల్లగా తరిగిపోతుంది.

నా సీసాలో జరిగింది ఇదే. ఏడో రోజు పీహెచ్ పట్టీ ముంచితే 3.8 దగ్గర చూపించింది. నిశ్చింతగా పొర తీసి, సీసాను బయటే ఉంచేశాను. పొర మళ్లీ మళ్లీ కట్టింది. మూడు వారాలకు ముక్కలు మెత్తబడ్డాయి, పట్టీ 4.8 చూపించింది. రుచి కూడా చూడకుండా పారబోశాను.

తప్పు ఉప్పు దగ్గరే మొదలైంది. 600 గ్రాముల ముక్కలకు 900 గ్రాముల నీళ్లు పోసి, రెండు చెంచాల కల్లుప్పు వేశాను. తర్వాత అవే రెండు చెంచాలు తూస్తే 20 గ్రాములే ఉంది. కల్లుప్పు పలుకుల మధ్య ఖాళీ ఉంటుంది, అందుకే చెంచా కొలతను నమ్మకూడదు. ముక్కలూ నీళ్లూ కలిపి 1500 గ్రాములు, అందులో రెండున్నర శాతం అంటే 37 గ్రాములకు పైనే పడాలి. నీళ్ల బరువొక్కటే లెక్కేసుకుంటే ఉప్పు తక్కువవుతుంది, ఎందుకంటే అది ముక్కల్లోకీ చేరుతుంది. పైగా నా ముక్కలు కొన్ని తేలాయి, పొర వాటి చుట్టూనే మొదలైంది. ఈ ఈస్ట్‌కు గాలి కావాలి. ఇప్పుడు చిన్న గాజు మూత బరువుగా పెట్టి ముక్కలన్నీ నీళ్లలో మునిగేలా చూస్తున్నాను.

మీది ఆరు రోజులే కాబట్టి, పొర ఈస్ట్‌దే అయితే శుభ్రమైన చెంచాతో తీసి, పట్టీతో చూడండి. 4 లోపు ఉండి, ముక్క కరకరలాడుతూ పుల్లటి వాసనే వస్తుంటే మూత బిగించి వెంటనే ఫ్రిజ్‌లో పెట్టేయండి. చల్లదనం ఈస్ట్‌ను చంపదు, నెమ్మదింపజేస్తుందంతే. పొర మళ్లీ కనిపిస్తే మళ్లీ పట్టీ ముంచండి. కుళ్లు వాసన వచ్చినా, ముక్క జిగురుగా తగిలినా అంకె ఎంత చూపించినా తినకండి.