కాలు బాగానే ఉంది, అయినా నడవదు: న్యూరాలజీకా, సైకియాట్రీకా?

ప్రశ్న: నా భార్యకు 34 ఏళ్లు, స్కూల్లో టీచర్. ఐదు నెలల క్రితం మెట్ల మీద జారింది, కుడి చీలమండ బెణికింది. ఆ క్షణంలో గుండె దడదడలాడి, చెమటలు పట్టి, కాలు తనది కానట్టు అనిపించిందట. బెణుకు తగ్గింది గానీ కుడి కాలు ఈడుస్తూనే నడుస్తోంది. ఎంఆర్‌ఐ, నరాల పరీక్షలు అన్నీ నార్మల్. న్యూరాలజిస్ట్ ‘ఫంక్షనల్’ అని రాసి సైకియాట్రిస్ట్‌ను కలవమన్నారు. ‘నాకేమన్నా పిచ్చా?’ అని ఏడ్చింది, వెళ్లనంటోంది. మా ఇంట్లో గొడవలేమీ లేవు. మా అమ్మ మాత్రం ‘అంతా నాటకం’ అంటోంది. నేను నమ్మలేదు. కానీ మొన్న రాత్రి పాప ఏడిస్తే నిద్రమత్తులో లేచి మామూలుగా నడిచి వెళ్లింది. అప్పటినుంచి నాకూ అనుమానం. నటిస్తోందా? ఇప్పుడు ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లాలి?

జవాబు: ఆ రాత్రి మీరు చూసింది నాటకం బయటపడటం కాదు. ఈ జబ్బు ఎలా ఉంటుందో అదే మీ కళ్లముందు కనిపించింది.

మనం నడిచేటప్పుడు ‘ఇప్పుడు తొడ ఎత్తాలి, ఇప్పుడు మోకాలు వంచాలి’ అనుకోం. ఎక్కడికి వెళ్లాలో అనుకుంటాం, మిగతాది మెదడు దానంతట అదే చూసుకుంటుంది. ఫంక్షనల్ న్యూరోలాజికల్ డిజార్డర్‌లో, అంటే పొట్టిగా ఎఫ్‌ఎన్‌డీలో, కాలు కదపాలని గట్టిగా అనుకున్నకొద్దీ ఆ కదలిక చిక్కుబడిపోతుంది. ధ్యాస వేరేచోటికి మళ్లితే వదులవుతుంది. పాప ఏడుపు వినగానే ఆమె ధ్యాస కాలి మీద నుంచి పాప మీదకు పోయింది, కాలు తన పని తాను చేసుకుంది. నటించేవాళ్లు ఎవరైనా చూస్తారేమో అని జాగ్రత్తపడతారు. ఆమెకు తాను బాగా నడిచానన్న సంగతే తెలిసి ఉండకపోవచ్చు.

దీన్ని డాక్టర్ దగ్గర కూడా చూడొచ్చు. హూవర్ అనే వైద్యుడు 1908లో రాసిన పరీక్ష ఇది, ఇప్పటికీ వాడతారు. ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, కుడి తొడ కింద డాక్టర్ చెయ్యి పెట్టి, ‘నా చేతిని కిందికి నొక్కండి’ అంటారు. ఒత్తిడి సరిగా తగలదు. తర్వాత రెండో చేత్తో ఎడమ మోకాలిని పైనుంచి అదిమిపట్టి, ‘ఇప్పుడు ఎడమ కాలు పైకి ఎత్తండి, దాని మీదే ధ్యాస పెట్టండి’ అంటారు. ఒక కాలు గట్టిగా ఎత్తితే రెండో కాలు దానంతట అదే కిందికి నొక్కుతుంది, అది ఒంటి స్వభావం. అప్పుడు కుడి తొడ కింద ఉన్న చేతికి ఇందాక లేని బలం తగులుతుంది. నరం తెగి ఉంటేనో, మెదడులో ఆ భాగం దెబ్బతిని ఉంటేనో ఆ బలం ఎక్కడినుంచీ రాదు.

అందుకే ఎఫ్‌ఎన్‌డీ అనేది ‘ఎంఆర్‌ఐ నార్మల్ కాబట్టి’ పెట్టే పేరు కాదు. ఇలాంటి గుర్తు కనబడింది కాబట్టి పెట్టే పేరు. మీకు ఆ రోజు ఆసుపత్రిలో పేరు దొరికింది, గుర్తు చూపించి వివరించడం మాత్రం జరగలేదనిపిస్తోంది. ‘రిపోర్టులన్నీ నార్మల్, సైకియాట్రిస్ట్‌ను కలవండి’ అనే మాటను ఎవరైనా ‘మీకు జబ్బు లేదు, మీ బుర్రలోనే ఉంది’ అనే అర్థం చేసుకుంటారు. కొత్తలో నేనూ ఈ తప్పు చేశాను. చెయ్యి వణికే ఒకాయనతో ‘టెన్షన్ వల్ల అయ్యుండొచ్చండీ’ అన్నాను. ఆయన మళ్లీ రాలేదు.

ఇప్పుడు మా దగ్గర న్యూరాలజీ, సైకియాట్రీ, ఫిజియోథెరపీ ముగ్గురం కలిసి మాటలు ముందే రాసి పెట్టుకున్నాం. ఎవరి గదిలోకి వెళ్లినా పేషెంట్‌కు అవే మాటలు వినబడాలి. ఇంచుమించు ఇలా ఉంటాయి:

‘మీకున్నది ఎఫ్‌ఎన్‌డీ. ఇది నిజమైన జబ్బే, మీరు కావాలని చేస్తున్నది కాదు. మీ కాలు, నరాలు, మెదడు దెబ్బతినలేదు. మెదడు కాలికి పంపాల్సిన సంకేతం సరిగా అందడం లేదు. ఎలా తెలిసిందో మీకే చూపిస్తాను, ఎడమ కాలు ఎత్తండి. చూశారా, కుడి కాలికి బలం వచ్చింది. అంటే దారి మూసుకుపోలేదు, ఆ దారిని మళ్లీ అలవాటు చేయొచ్చు. దెబ్బ తగిలినప్పుడు, భయం ముంచుకొచ్చినప్పుడు ఇది మొదలవడం మామూలే. కొంతమందికి కారణం దొరకదు, అయినా వైద్యం ఆగదు.’

చివరి వాక్యం మీ కోసమే. ‘మా ఇంట్లో గొడవలేమీ లేవు’ అని మీరు సంజాయిషీ ఇచ్చుకోవాల్సిన పనిలేదు. ఒకప్పుడు ఈ జబ్బు అనాలంటే వెనకాల మానసిక కారణం ఉండాలని నియమం ఉండేది. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో తెచ్చిన డీఎస్‌ఎం-5 అనే మానసిక జబ్బుల నిర్ధారణ పుస్తకంలో దాన్ని తీసేశారు. కాబట్టి సైకియాట్రిస్ట్ మీ సంసారంలో రహస్యాలు తవ్వడానికి కూర్చోరు. ఆమె విషయంలో వాళ్లు చూడాల్సింది మరొకటి ఉంది. జారిన క్షణంలో వచ్చిన గుండెదడ, చెమటలు, కాలు తనది కానట్టు అనిపించడం, ఇవన్నీ పానిక్ లక్షణాలతో సరిపోతాయి. ఆ భయం మెట్లు చూసినప్పుడల్లా తిరిగొస్తోందా, నిద్ర ఎలా ఉంది, దిగులుగా ఉందా అని అడుగుతారు. ఉంటే దానికి సీబీటీ లాంటి మాటల చికిత్స ఉంటుంది, అవసరమైతే మందులూ ఇస్తారు. కాలి బలహీనతకు నేరుగా పనిచేసే మాత్ర లేదు. ఎవరైనా ‘ఈ మాత్ర వేసుకుంటే కాలు లేస్తుంది’ అంటే, అది దేనికోసం ఇస్తున్నారో విడమరిచి అడగండి.

ఇక ఏ డాక్టర్ అన్న ప్రశ్న. ఇద్దరూ కావాలి, కానీ ఒకరి తర్వాత ఒకరు చేతులు దులుపుకున్నట్టు కాదు. ఎక్కువగా చెడేది ఇక్కడే. న్యూరాలజిస్ట్ ‘మా వైపు ఏమీ లేదు’ అని పంపుతారు. సైకియాట్రిస్ట్ ‘డిప్రెషన్ లేదు, ఇది మాది కాదు’ అని వెనక్కి పంపుతారు. రెండు మూడు సార్లు అలా తిరిగాక పేషెంట్ రావడం మానేస్తారు. అందుకని ముందు ఆ న్యూరాలజిస్ట్ దగ్గరికే మళ్లీ వెళ్లండి, ఈసారి ఇద్దరూ వెళ్లండి. రెండు విషయాలు అడగండి: ‘ఏ గుర్తు చూసి ఈ పేరు పెట్టారో మాకూ చూపిస్తారా?’, ‘సైకియాట్రీకి పంపినా మూడు నెలలకు మీరే మళ్లీ చూస్తారా?’ రెండోదానికి ‘సరే’ అన్న మాట వింటే సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్లడం మీ ఆవిడకు తనను వదిలించుకున్నట్టు అనిపించదు.

అందరూ కలిసి వాడే కాగితం ఒక్క పేజీ చాలు. పైన జబ్బు పేరు, కనబడిన గుర్తు. దాని కింద ఎవరు ఏం చూస్తారు, ఏం సాధించాలి, బాగాలేని రోజున ఏం చేయాలి. మీ ఆవిడకైతే నేను లక్ష్యాన్ని ‘కాలికి బలం రావాలి’ అని రాయను. ‘క్లాసులో బోర్డు దగ్గర నిలబడి ఒక పీరియడ్ చెప్పాలి’ అని రాస్తాను. బలం అని రాస్తే ఆమె రోజూ కాలినే పరీక్షించుకుంటుంది. ఆ పరీక్షించుకోవడమే జబ్బుకు మేత.

ఫిజియోథెరపీ కూడా అలాగే నడవాలి. పడుకోబెట్టి ‘ఎత్తు, ఇంకా ఎత్తు’ అంటే కాలు ఇంకా మొరాయిస్తుంది. మొదట కుర్చీలోంచి లేచి కూర్చోవడం, నిలబడి బరువును ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకు ఊగినట్టు మార్చడం. తర్వాత పక్కకు నడవడం, వెనక్కి నడవడం. ముందుకు నడిస్తే ఈడ్చే కాలు, వెనక్కి నడిస్తే చక్కగా పడటం నేను చాలాసార్లు చూశాను, చూసినవాళ్లకు నోట మాట రాదు. అలా పడిన అడుగును ఫోన్‌లో వీడియో తీసి ఆమెకే చూపిస్తారు, ఆ అడుగునే మెల్లగా ముందుకు మళ్లిస్తారు. నడుస్తూ బంతి విసరడమో, వందనుంచి ఏడేసి తగ్గిస్తూ లెక్కపెట్టడమో చేయిస్తారు. చేతికర్ర, కాలికి పట్టీ వంటివి తప్పనిసరి అయితే తప్ప మొదలుపెట్టకపోవడమే మంచిది. ఒకసారి అలవాటైతే నడక దాని చుట్టూనే అల్లుకుంటుంది.

బాగున్న రోజున ఇల్లంతా సర్ది, మర్నాడు మంచం పట్టడం ఈ జబ్బులో మామూలు. పది నిమిషాల నడక అని రాసుకుంటే బాగున్న రోజూ పదే, బాగాలేని రోజూ వీలైనంత వరకు పదే. వారం వారం కొద్దిగా పెంచుకోవాలి. స్కూల్‌కు కూడా మొదట పూటకు రెండు పీరియడ్లతో మొదలుపెట్టొచ్చేమో అడగండి.

ఎంతవరకు తగ్గుతుంది? ఖచ్చితంగా చెప్పలేం. కొందరు పూర్తిగా కోలుకుంటారు, కొందరికి కొంత మిగులుతుంది. ఈ ప్రత్యేక ఫిజియోథెరపీని మామూలు వైద్యంతో పోల్చిన ఒక పెద్ద బ్రిటిష్ పరిశోధన ఫలితాలు 2024లో వచ్చాయి. ప్రధాన కొలమానంలో పెద్ద తేడా కనబడలేదు, కానీ ‘నా కదలిక మెరుగుపడింది’ అన్నవాళ్లు ప్రత్యేక ఫిజియోలోనే ఎక్కువ. ఐదు నెలలంటే ఏళ్లతరబడి ముదిరిన కేసు కాదు, వెంటనే మొదలుపెట్టండి. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి: ఎఫ్‌ఎన్‌డీ ఉన్నవాళ్లకు వేరే జబ్బు రాదని కాదు. మాట ముద్దగా రావడం, మూతి ఒక పక్కకు పోవడం, మూత్రం మీద అదుపు తప్పడం లాంటివి కొత్తగా కనిపిస్తే ‘అదే మళ్లీ’ అనుకోకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఇక ఇల్లు. ఆ రాత్రి సంగతి ఆమెతో చెప్పారా? ‘నువ్వు మామూలుగా నడిచావు, నేను చూశాను’ అని నిలదీసినట్టు చెప్తే ఆమె ఇంకా ముడుచుకుపోతుంది. డాక్టర్ ఆ తొడ పరీక్ష చూపించాక, అదే గదిలో, ‘పాప ఏడ్చిన రాత్రి కూడా ఇలాగే జరిగింది’ అని చెప్పండి. వీలైతే ఆ రోజు మీ అమ్మగారినీ వెంట తీసుకెళ్లండి. పది మాటలు చెప్పడం కంటే కోడలి తొడ కింద డాక్టర్ మీ అమ్మగారి చెయ్యి పెట్టించడం మేలు, కోడలు సరేనంటేనే సుమా. రోజుకు పదిసార్లు ‘కాలు ఎలా ఉంది?’ అని అడగడం ఇంట్లో అందరూ మానేయండి. ఆమె మెట్లెక్కుతుంటే జబ్బ పట్టుకోవద్దు. ఒక మెట్టు కింద నిలబడి, ఆ రోజు స్కూల్లో పిల్లలు ఏం అల్లరి చేశారో అడుగుతూ ఆమె వెంట నడవండి.