మస్లిన్ బందరుది కాదమ్మా

అమ్మాయికి,

ఆశీస్సులు. మనుషుల పేర్లూ ఊళ్ల పేర్లూ మామూలు మాటలైన తీరు మీద నువ్వు రాసిన వ్యాసం అందింది. భాష బాగుంది, వాక్యం నడక తెలిసినదానివి. కానీ మూడో పేజీలో ఆగిపోయాను. "మస్లిన్ అనే మాట మన మచిలీపట్నం పేరు నుంచే పుట్టింది" అని రాశావు. పైగా దాని వెంట "అన్నది నిర్వివాదాంశం" అని తగిలించావు. నువ్వు బందరు పిల్లవి, ఆ అభిమానం నాకు అర్థమవుతుంది. అయినా ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పొద్దున్నే లేచి ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఏదైనా పెద్ద ఇంగ్లీషు నిఘంటువులో మస్లిన్ తీసి, అర్థం చదవకుండా ముందు దాని పుట్టుక చెప్పే భాగం చూడు. ఇంగ్లీషులోకి ఫ్రెంచి 'మూస్లీన్' నుంచి, ఫ్రెంచిలోకి ఇటాలియన్ 'ముస్సోలీనా' నుంచి, అది 'ముస్సోలో' నుంచి అని ఉంటుంది. ముస్సోలో అంటే ఇరాక్‌లోని మోసుల్ నగరానికి ఇటలీవాళ్లు పెట్టుకున్న పేరు. ఈ మెట్లను ఒక్కొక్కటిగా దిగాలి, హడావుడిగా దూకకూడదు. ఎందుకంటే మాట ఏ దారిన వచ్చిందో ఆ దారే సాక్ష్యం. బందరు బట్ట ఇంగ్లీషువాళ్లకు ఓడల మీద నేరుగా వెళ్లింది. 1611లో వాళ్లు స్వయంగా బందరులో దిగారు. ఆ ఊరి పేరే బట్టకు పెట్టి ఉంటే మాట కూడా ఆ ఓడల్లోనే వెళ్లేది. ఇటలీకి వెళ్లి, ఫ్రాన్సు చుట్టి, అప్పుడు లండన్ చేరాల్సిన పని దానికి లేదు. పైగా అంతకు మూడు వందల ఏళ్ల ముందే మార్కో పోలో మోసుల్ గురించి చెబుతూ, అక్కడ నేసే బంగారు జరీ బట్టలనీ పట్టు బట్టలనీ 'మోసోలిన్' అంటారని రాశాడు. చూశావా, అప్పటికి ఆ మాటకు అర్థం పలచటి నూలుబట్ట కూడా కాదు. అర్థం తర్వాత మారింది, పేరు మాత్రం నిలిచింది.

మరి బందరు కథ ఎక్కడ పుట్టింది? నువ్వు కల్పించలేదని నాకు తెలుసు. దాదాపు రెండు వేల ఏళ్ల కిందట ఒక గ్రీకు నావికుడు రాసిన పెరిప్లస్ అనే ఓడదారుల పుస్తకంలో మన తీరంలోని 'మసాలియా' ప్రస్తావన ఉంది. అక్కడ మస్లిన్లు విస్తారంగా నేస్తారని ఇంగ్లీషు అనువాదంలో చదువుతాం. మసాలియా, మస్లిన్ పక్కపక్కన కనబడగానే ఎవరికైనా ప్రాణం లేచొస్తుంది. కానీ గ్రీకు మూలంలో ఉన్న మాట 'సిందోనెస్'. మస్లిన్ అన్నది అనువాదకుడు 20వ శతాబ్దంలో తన పాఠకుల కోసం వేసిన మాట. రెండు వేల ఏళ్ల నాటి పుస్తకంలో నిన్నటి మాట కనబడితే, అది రచయితదా అనువాదకుడిదా అని అడగాలి. నువ్వు అడగలేదు. నీకంటే పెద్దవాళ్లు కూడా అడగలేదు.

నా మాట కాస్త కటువుగా ఉంటే కారణం ఉంది. ముప్పై ఏళ్ల కిందట ఒక వారపత్రికకు మాటల మీద శీర్షిక రాసేవాణ్ని. సైంధవ లవణం గురించి రాస్తూ, "ఈ ఉప్పుకు ఆ పేరు బహుశా భారతంలోని సైంధవుడి వల్ల వచ్చి ఉంటుంది" అన్నాను. పత్రికలో నా 'బహుశా' పోయింది, 'ఉంటుంది' పోయింది. "సైంధవుడి పేరే ఈ ఉప్పుకు వచ్చింది" అని పెట్టె కట్టి, పైన "మీకు తెలుసా?" అని వేశారు. అడిగితే, పాఠకుడికి అనుమానాలు అక్కర్లేదన్నారు. ఆ మాట నేను ఇప్పటికీ క్షమించలేదు. ఈనాటికీ ఆ "మీకు తెలుసా" పెట్టెలదే రాజ్యం.

పదిరోజులకు ఒక కార్డు వచ్చింది. రాసింది రిటైరైన సంస్కృతం మాస్టారు. చివాట్లేమీ లేవు, రెండే ముక్కలు: "సైంధవమానయ. తండ్రిని వదిలేసి అన్నను తండ్రి అన్నారు." సైంధవం తీసుకురా అన్నప్పుడు, భోజనానికి కూర్చున్నవాడైతే ఉప్పు తేవాలి, ప్రయాణమైనవాడైతే గుర్రం తేవాలి అన్నది శాస్త్రాల్లో పాత ఉదాహరణ. సింధు దేశం నుంచి వచ్చిన ఉప్పు సైంధవం, అక్కడి గుర్రమూ సైంధవమే. ఆ దేశపు రాజు కాబట్టి జయద్రథుడు సైంధవుడయ్యాడు. ముగ్గురూ సింధువు బిడ్డలే తప్ప ఒకరి నుంచి ఒకరు పుట్టలేదు. తర్వాత పద్మవ్యూహం దగ్గర పాండవులకు అడ్డుపడ్డ కథ వల్ల ఆ మనిషి పేరు మళ్లీ మామూలు మాటైంది. "ఫైలు కదలకుండా సైంధవుడిలా అడ్డుపడ్డాడు" అని ఆఫీసుల్లో రోజూ వింటాం. ఊరి పేరు మనిషి పేరై, ఆ మనిషి పేరు తిట్టయింది.

ఆ కార్డు నేర్పిన పద్ధతి నీకు చెబుతాను. ఇంగ్లీషులో పెద్దక్షరం ఉంటుంది. అది చిన్నక్షరమైందంటే పేరు మామూలు మాటైందని కంటికే తెలుస్తుంది. మన లిపిలో ఆ సౌకర్యం లేదు, కాబట్టి వేరే గుర్తు పట్టుకోవాలి. సంస్కృతం నుంచి వచ్చిన మాటల్లో మొదటి అచ్చు పెరిగి ఉంటే, దాన్ని దించి చూడు. సైంధవం దించితే సింధువు. వైదేహి దించితే విదేహ. మైథిలి దించితే మిథిల. దించాక వచ్చిన మాటను మళ్లీ నిఘంటువులో వెతుకు. అక్కడ దేశమో మనిషో కనబడితే పట్టుకున్నట్టే. కనబడకపోతే వదిలేయాలి. ధైర్యం దించితే ధీరుడు వస్తాడు, సౌందర్యం దించితే సుందరం వస్తుంది. అవి గుణాలే కానీ పేర్లు కావు. చాలామంది ఇక్కడే మోసపోయి, ధీరుడు అనే రాజు ఒకడు ఉండేవాడని కథ అల్లేస్తారు.

నీ వ్యాసంలో నన్ను ఇంకా బాధపెట్టిన విషయం ఒకటుంది. పన్నెండు పేజీల్లో బాయ్‌కాట్ ఉంది, శాండ్‌విచ్ ఉంది, భీష్మించు లేదు. "పెళ్లికి రానని భీష్మించుకు కూర్చున్నాడు" అని మీ ఇంట్లో ఎవరూ అనరా? మనిషి పేరుకు మన 'ఇంచు' తగిలించి క్రియ చేసిన తెలుగువాడు ఎవడో కానీ, అంత చక్కటి పని చేశాడు. దీన్ని రుజువు చేయడం కూడా నేర్చుకో. భీష్మ అనే మాటకు సంస్కృతంలో భయంకరం అని అర్థం. దేవవ్రతుడు పెళ్లి చేసుకోనని భయంకరమైన ప్రతిజ్ఞ పట్టాక ఆ విశేషణమే అతనికి పేరైంది. ఇప్పుడు మన క్రియ విశేషణం నుంచి వచ్చిందా, మనిషి నుంచి వచ్చిందా? విశేషణం నుంచి వస్తే 'భయపెట్టు' అన్న అర్థం రావాలి. మనకున్న అర్థం పట్టిన పట్టు వదలకపోవడం. అది ప్రతిజ్ఞ పట్టిన మనిషిలో మాత్రమే ఉంది. అర్థం ఎటు మొగ్గితే పుట్టుక అటు. ఆంధ్రభారతి వెబ్‌సైటులో మాట కొడితే చాలా నిఘంటువులు ఒకేచోట తెరుచుకుంటాయి. నా రోజుల్లో ఒక్కో మాటకు లైబ్రరీలో ఒక మధ్యాహ్నం పట్టేది, పుస్తకం ఇంటికి ఇచ్చేవారు కాదు, చేత్తో రాసుకునేవాణ్ని. నీకు ఆ కష్టం లేదు, కాబట్టి చూడకపోవడానికి సాకు కూడా లేదు.

ఊరి గొప్ప చెప్పాలనే ఉంటే నిజమైనది ఉంది, అది రాయి. ఇంగ్లీషు నిఘంటువుల్లో గోల్కొండ అనే మాట చిన్నక్షరంతో ఉంది. తరగని సంపదకు నిలయం అని అర్థం. మన కోట పేరు పరాయి భాషలో మామూలు నామవాచకమైంది. అయితే వజ్రాలు గోల్కొండలో దొరకలేదు. గనులు కృష్ణ ఒడ్డున కొల్లూరు లాంటి చోట్ల ఉండేవి. వర్తకం గోల్కొండలో, రాజు కనుసన్నల్లో జరిగేది. కొన్నవాడికి గని పేరు తెలియదు, అంగడి పేరు తెలుసు. నేను ఏళ్ల తరబడి అందరితో వాదిస్తున్నది ఇదే. మాట వెనక ఊరి పేరు కనబడితే అది సరుకు పుట్టిన ఊరని అనుకోకు. పిలిచినవాడికి ఆ సరుకు ఎక్కడిదని తోచిందో ఆ ఊరు అది. పేరు పెట్టేది ఎప్పుడూ కొనేవాడే.

నీ వ్యాసంలో నాకు నచ్చిన చోటికి వస్తున్నాను. మీ అమ్మమ్మ జ్వరం వచ్చినప్పుడల్లా బత్తాయి తొనలు ఒలిచి, గింజలు తీసి, సన్నపొర కూడా తీసి నోట్లో పెట్టేదని రాశావు. అది చదివి నాకు మా అమ్మ గుర్తొచ్చింది. కానీ ఆ పండు గురించి నువ్వు ఒక్క ముక్క రాయలేదు! బత్తాయి అంటే బటావియా పండు. ఇప్పటి జకార్తాకు డచ్చివాళ్లు 1619లో పెట్టిన పేరు బటావియా. ఇదే పండు అనంతపురం వెళ్తే చీనీకాయ, అంటే చైనాది. హైదరాబాదు జ్యూస్ బండి మీద మోసంబి, అంటే మొజాంబిక్‌ది. మూడు పేర్లూ ఒక్క పండువే, మూడూ మూడు సముద్రాల తీరాలవి. మూడు చోట్లా అది పుట్టి ఉండదు కదా. మూడు రేవుల నుంచి మూడు రకాల మనుషుల నోట మనకు చేరింది. ఇక్కడ తేదీ కూడా సాయం చేస్తుంది. 1619కి ముందు కావ్యంలో బత్తాయి ఉందని ఎవరైనా చెబితే, ఆ పాఠాన్నైనా అనుమానించాలి, మన పుట్టుక కథనైనా వదులుకోవాలి. రెండూ ఒకేసారి నిలవవు.

మూడో పేజీ కొట్టేసి పంపుతున్నాను. "నిర్వివాదాంశం" మీద ఎర్రగీత నాదే. అమ్మమ్మ పేరా ముట్టుకోకు. ఆవిడ పుట్టిల్లు ఏ ఊరో, చిన్నప్పుడు ఆ పండును ఏమని పిలిచేదో అడుగు. బత్తాయి అంటే సరే. చీనీ అంటే మాత్రం ఆ మాట బందరుకు ఎలా వచ్చిందో, ఎవరు తెచ్చారో ఆవిడనే చెప్పమని, చెప్పింది చెప్పినట్టు రాసి పంపు.

ఇట్లు,
మీ మాస్టారు