పాపకు నిద్ర ఎన్నింటికి వస్తోందో ముందు రాసి పెట్టండి

"మా పాపకు ఇరవై రెండు నెలలు. తొమ్మిదింటికి పడుకోబెడితే పదిన్నర, ఒక్కోసారి పదకొండు దాకా పడుకోదు. నూనె రాశాను, స్నానం చేయించాను, కథలు చెప్పాను. గంటన్నర పడుతోంది. హన్మకొండలో అత్తమామలతో కలిసి ఉంటాం. చిన్నగా, రోజూ చేయగలిగేలా ఏదైనా పద్ధతి ఉంటే చెప్పండి."

మీరు ఇలా అడిగారు కదా. మాది కాజీపేట. మా బాబుకు ఇప్పుడు మూడేళ్లు. వాడికి రెండేళ్ల రెండు నెలలు ఉన్నప్పుడు మా ఇంట్లో సరిగ్గా ఇదే పరిస్థితి. నేను పొద్దున ఎనిమిదిన్నరకు స్కూల్లో ఉండాలి. మా ఆయనది రైల్వేలో షిఫ్టు డ్యూటీ. రాత్రి తొమ్మిదికి లైట్ ఆపి, వాణ్ని భుజం మీద వేసుకుని గదిలో అటూ ఇటూ తిరిగేదాన్ని. నలభై నిమిషాలు తిరిగి మెల్లగా పరుపు మీద వాల్చగానే కళ్లు తెరిచేవాడు. మళ్లీ మొదటి నుంచి. స్నానం, నూనె, కథ అన్నీ మేమూ చేశాం. చేసిన పనుల్లో తప్పు లేదు, చేసిన టైమే తప్పని తర్వాత తెలిసింది.

ఒక రోజు మా అత్తమ్మ, "వానికి నిద్ర రాకముందే పండబెడ్తున్నవ్ బిడ్డా, వస్తె వాడే పంటడు" అన్నారు. అప్పుడు నాకు కోపమొచ్చింది. అయినా ఆ మాట మనసులో ఉండిపోయి, ఐదు రోజులు క్యాలెండర్ మీద రాసి పెట్టాను. వాడు నిజంగా నిద్రపోయిన టైమ్ 10:30, 10:45, 10:20, 10:40, 10:35. మధ్యాహ్నం మూడున్నరకు పడుకుని ఐదుముప్పావుకు లేస్తున్నాడు. పొద్దున ఎనిమిదింపావుకు లేస్తున్నాడు. మొత్తం కూడితే రోజుకు దాదాపు పన్నెండు గంటలు. ఏడాది నుంచి రెండేళ్ల పిల్లలకు పగటి నిద్రతో కలిపి 11 నుంచి 14 గంటలు కావాలంటారు. అంటే వాడికి నిద్ర తక్కువేమీ కాలేదు. ఆ నిద్రంతా రోజులో ఆలస్యంగా జరిగి కూర్చుంది. ఐదుముప్పావుకు నిద్ర లేచిన పిల్లాణ్ని మూడు గంటలకే మళ్లీ పడుకోమంటే ఎలా పడుకుంటాడు? మా వాడికి మధ్యాహ్నం నిద్ర లేచాక కనీసం నాలుగున్నర గంటలు గడిస్తే గానీ కళ్లు మూతపడవు.

కాబట్టి మీరు చేయాల్సిన మొదటి పని ఆ ఐదు రోజుల రాత. ఆ తర్వాత, వినడానికి విడ్డూరంగా ఉంటుంది గానీ, పడుకోబెట్టే టైమును త్వరగా కాదు, ఇంకా ఆలస్యంగా పెట్టండి. పాప నిజంగా పదింపావుకు నిద్రపోతుంటే పది దాకా పడక ఎక్కించొద్దు. పరుపు మీదికి వెళ్లాక పది ఇరవై నిమిషాల్లో నిద్ర రావాలి. మూడు నాలుగు రాత్రులు అలా జరిగితే, అప్పుడు పడుకునే ముందు చేసే పనులన్నిటినీ పావుగంట ముందుకు తెండి. మళ్లీ మూడు రాత్రులు ఆగండి. పొద్దున లేపే టైమూ, మధ్యాహ్నం నిద్రా వాటితో పాటే కొద్దికొద్దిగా ముందుకు రావాలి. పొద్దున లేపకుండా రాత్రి ఒక్కటే సరిచేద్దామంటే కుదరదు. సెలవు రోజున "పడుకోనీలే" అనిపిస్తుంది. ఆ మొదటి నెల మాత్రం ఆదివారం కూడా లేపేశాం.

మాకు 10:30 నుంచి 9:00కు రావడానికి మూడున్నర వారాలు పట్టింది. మధ్యలో జలుబు చేసి నాలుగు రోజులు ఆగిపోయాం. చివరికి వాడు పొద్దున ఏడింటికి లేచి, మధ్యాహ్నం ఒంటింపావు నుంచి మూడింపావు దాకా పడుకుని, రాత్రి తొమ్మిదింపావుకల్లా నిద్రపోవడం మొదలైంది.

ఇక పడుకునే ముందు చేసే వరుస. మాది ఇరవై అయిదు నిమిషాలు. అంతకు మించితే పిల్లలకు మళ్లీ హుషారు వస్తుంది, మనకు ఓపిక పోతుంది. అన్నం, పాలు ఎనిమిదికల్లా అయిపోవాలి. పాలు ఈ వరుసలో లేవు, కావాలనే తీసేశాం. పాల సీసా నోట్లో పెట్టుకుని నిద్రపోతే పళ్లు పుచ్చిపోతాయి. పైగా అర్ధరాత్రి మెలకువ వచ్చినప్పుడల్లా మళ్లీ సీసా కావాలంటారు.

8:35కు హాల్లో టీవీ సౌండ్ తగ్గించి, మా గదిలో ట్యూబ్‌లైట్ ఆపేసి జీరో బల్బు వేస్తాం. చీకటి పడ్డాక ఒంట్లో మెలటోనిన్ అనే హార్మోన్ పెరిగి నిద్ర తెస్తుంది. కళ్ల మీద వెలుతురు గట్టిగా పడితే అది తగ్గుతుంది. చిన్న పిల్లల్లో ఈ ప్రభావం పెద్దవాళ్ల కంటే ఎక్కువ. అందుకే ఫోన్‌లో రైమ్స్ పెట్టి పడుకోబెట్టడం మానేశాం. మామయ్య గారు సీరియల్ చూసే టైమ్ అదే. నేను అడగడానికి మొహమాటపడితే మా ఆయన అడిగారు. ఇప్పుడు మామయ్య గారు మా గది తలుపు దగ్గరకు వేయించి, సౌండ్ తగ్గించుకుని చూస్తారు.

తర్వాత గోరువెచ్చని నీళ్లతో కాళ్లూ చేతులూ ముఖం కడిగి, పళ్లు తోమి, కాటన్ బట్టలు వేయడం. ఎండాకాలం స్నానమే చేయిస్తాం. చలికాలం రాత్రి స్నానం లేదు. అదే చోట, అదే వరుసలో జరగాలి గానీ రోజూ స్నానమే కావాలని లేదు. బాత్రూమ్‌లోంచి వచ్చేటప్పుడు ఒకసారి మూత్రానికి కూర్చోబెడతాం, చిన్న గ్లాసుతో రెండు గుక్కల నీళ్లు తాగిస్తాం. పడుకున్నాక "అమ్మా నీళ్లు", "అమ్మా సుస్సు" అని లేచే సాకులు సగం అక్కడే అయిపోయాయి.

ఆ తర్వాతది మా ఇంట్లో అన్నిటికంటే బాగా పనిచేసింది. దోమతెర. రోజూ ఎలాగూ కట్టేదే. దాన్ని వాడి పని చేశాం. నేను మూడు వైపులా అంచులు పరుపు కింద దోపుతాను, నాలుగో వైపు వాడు లోపల కూర్చుని తన బుల్లి చేతులతో దోపుతాడు. సరిగ్గా దోపలేడు. ఒక మూల ఎప్పుడూ పైకే ఉంటుంది. వాడు నిద్రపోయాక సరిచేస్తాను. కానీ తెర దిగిందంటే ఇక బయటికి పోయేది లేదని వాడికి అర్థమైంది. మొదటి వారం తెర చూడగానే ఏడ్చేవాడు. మూడో వారానికి తెర దించుతుంటే తనే ఆవలించడం చూశాను. మాట రాని పిల్లలకు కూడా ఇలాంటి ఒక గుర్తు తెలుస్తుంది. మీ ఇంట్లో దోమతెర లేకపోతే కర్టెన్ వేయడమో, బొంత పరచడమో, రోజూ పాపే చేసే పని ఏదైనా ఎంచుకోండి.

తెరలోపల ఒకటే పుస్తకం, రెండుసార్లు. కొత్త కథలు వద్దు, కొత్తది వింటే ప్రశ్నలు పుడతాయి. తర్వాత అత్తమ్మ వచ్చి లాలి పాడతారు. రోజూ అదే పాట, అదే రాగం. పాట అయ్యాక జీరో బల్బు కూడా ఆపేసి నేను పక్కనే పడుకుని వీపు మీద చెయ్యి వేస్తాను. వేరే గదిలో ఒంటరిగా పడుకోబెట్టాలి, ఏడిస్తే వదిలేయాలి అని కొందరు అంటారు. మన ఇళ్లల్లో దాని అవసరం నాకు కనబడలేదు. ఒక్క విషయం మాత్రం చూసుకోండి. పాప ఏ స్థితిలో నిద్రలోకి జారుకుంటుందో, రాత్రి మధ్యలో మెలకువ వస్తే అదే కోరుకుంటుంది. అందరికీ నిద్ర మధ్యలో చిన్న చిన్న మెలకువలు వస్తాయి, మనం పక్కకు ఒత్తిగిల్లి మళ్లీ పడుకుంటాం. భుజం మీద నిద్రపోయిన పిల్లకు మళ్లీ భుజమే కావాలి. అందుకే మేం భుజం నుంచి ఒడికి, ఒడి నుంచి పరుపు మీద జోకొట్టడానికి, అక్కడి నుంచి చెయ్యి వేసి ఉంచడానికి వచ్చాం. ఒక్కో మార్పుకు నాలుగైదు రోజులు ఇచ్చాం. రాత్రి రెండింటికి లేవడం తగ్గింది ఆ మార్పు తర్వాతే.

మా ఆయన ఒక్కోసారి డ్యూటీ నుంచి ఆలస్యంగా వచ్చేవారు. నాన్న గొంతు వినగానే వాడు లేచి గెంతేవాడు, ఆయన పైకి ఎగరేసి ఆడించేవారు. ఆయనకూ బిడ్డతో గడిపే టైమ్ అదే, వద్దనడం నాకు ఇష్టం లేదు. ఎనిమిదిన్నర లోపు వస్తే ఎంతైనా ఆడించొచ్చు, తర్వాత వస్తే పుస్తకం చదివే పని ఆయనదే అనుకున్నాం. ఎవరు చేసినా వరుస మారకపోతే చాలు, మనిషి మారినా వాడికి ఇబ్బంది లేదు.

తప్పు ఎక్కడ జరుగుతోందో ఇలా తెలుస్తుంది. వరుసగా మూడు నాలుగు రాత్రులు లైట్ ఆపాక అరగంట దాటినా నిద్ర రాకపోతే, మీరు తొందరపడి ముందుకు తెచ్చారని. మళ్లీ ఒక పావుగంట ఆలస్యం చేయండి, లేదా మధ్యాహ్నం నిద్ర ఎన్నింటికి ముగుస్తోందో చూడండి. అదే సాయంత్రం ఆరేడింటికే బండి మీద తూలిపోతున్నా, చిన్నదానికీ పెద్దదానికీ ఏడుస్తున్నా, నిద్రమత్తులో పిచ్చిగా పరుగులు పెడుతున్నా ఆలస్యమైపోయిందని. ఆ పరుగులు చూసి "ఇంకా హుషారుగా ఉంది కదా" అనుకుంటాం, అక్కడ నేనూ చాలాసార్లు పొరబడ్డాను.

బతుకమ్మ తొమ్మిది రోజులూ మా వరుస మొత్తం పోయింది. ఎంగిలిపూల రోజు వేయి స్తంభాల గుడి నుంచి ఇంటికొచ్చేసరికే పది దాటింది. ఆ రోజుల్లో బాధపడలేదు, పండగ వాడిది కూడా. సద్దుల బతుకమ్మ అయిన మర్నాటి నుంచి పొద్దున ఏడింటికే లేపి, మధ్యాహ్నం మూడింపావుకు లేపేశాం. మూడో రాత్రికి పాత టైముకు వచ్చేశాడు. వరుస ఒకసారి పడ్డాక మళ్లీ పావుగంట లెక్క అక్కర్లేకపోయింది.

నిద్ర కోసం జలుబు సిరప్ ఇవ్వమని ఎవరైనా చెబితే ఇవ్వకండి. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిసిన జలుబు మందును నాలుగేళ్ల లోపు పిల్లలకు వాడొద్దని 2023లో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థే చెప్పింది. పాప రోజూ గురక పెడుతున్నా, నిద్రలో ఊపిరి ఆగి ఒక్కసారిగా ఎగపీలుస్తున్నా, నోరు తెరుచుకునే పడుకుంటున్నా ఈ వరుసలతో కాలం గడపకుండా పిల్లల డాక్టర్‌కు చూపించండి. ఒంట్లో ఐరన్ తక్కువై రాత్రిళ్లు కాళ్లు కుదురుగా ఉంచలేని పిల్లలూ ఉంటారు, అదీ అడగండి.

ఇవేమీ లేకపోతే ఈ రాత్రి నుంచి టైములు రాయండి. మూడు గడులు చాలు: పొద్దున లేచింది, మధ్యాహ్నం నిద్ర ముగిసింది, రాత్రి నిజంగా కళ్లు మూసింది. ఐదు రోజులయ్యాక ఇక్కడే పెట్టండి, ఏ టైము నుంచి మొదలుపెట్టాలో కలిసి చూద్దాం.